చిన్న కేబినెట్‌లో ఆర్‌టీఎక్స్ 4060 పడుతుందా? పట్టినా వేడికి తట్టుకుంటుందా?

బెజవాడ_కిట్టు
నా పీసీ 2021లో కొన్నది. ఐ5-10400ఎఫ్, హెచ్410 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక పాత హార్డ్ డిస్క్. ఇన్నాళ్లూ జీటీఎక్స్ 1650తో నెట్టుకొచ్చాను. ఇప్పుడు 4060 తీసుకుందామని డబ్బులు కూడబెట్టాను. సమస్యల్లా కేబినెట్. అప్పట్లో షాపువాళ్లు ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి ఇచ్చేసిన చిన్న నల్ల డబ్బా అది. ముందు భాగం మొత్తం మూసేసిన ప్లాస్టిక్, కింద అంచున సన్నని చీలిక తప్ప గాలికి దారి లేదు. వెనక ఒక చిన్న ఫ్యాన్ ఉంది. ఎస్‌ఎంపీఎస్ పైన ఉంటుంది.

షాపులో మూడు మోడళ్లు చూపించారు. ఎంఎస్‌ఐ వెంటస్ 2ఎక్స్, ఏసస్ డ్యూయల్, మూడు ఫ్యాన్ల గిగాబైట్ ఈగల్. "ఏదైనా పట్టేస్తుంది, తీసుకెళ్లండి" అంటున్నారు. కానీ సీలు తీశాక వెనక్కి తీసుకోరట. ఇంటికి తెచ్చాక పట్టకపోతే నా గతేంటి? పైగా మే నెల, మా గదిలో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటుతోంది, ఏసీ లేదు. మూడింటిలో ఏది తీసుకోమంటారు?

వాట్_వాసు
4060 అంటే 115 వాట్లే కదా బ్రో. నీ 1650 75 వాట్లు. 40 వాట్ల తేడాకి ఇంత టెన్షన్ ఎందుకు? ఏదైనా పట్టుకొచ్చేయ్. వేడెక్కితే సైడ్ డోరు తీసేయ్, అంతే.

పాతపీసీ_ప్రసాద్
చిన్న కేబినెట్ అయితే లో ప్రొఫైల్ కార్డు తీసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీది వస్తుంది, 70 వాట్లే, వేరే పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. నేను మా ఆఫీసులో అమ్మేసిన సన్న డెస్క్‌టాప్‌కి అదే చూస్తున్నాను.

బెజవాడ_కిట్టు
ప్రసాద్ గారూ, నాది అంత సన్నది కాదు. 1650 మామూలు ఎత్తు కార్డే, ఇబ్బంది లేకుండా కూర్చుంది. పొడవు, వేడి, ఈ రెండే నా భయం.

సీటీసీ_శీను
వాసు చెప్పింది సగం నిజం. 4060 తన తరంలో తక్కువ కరెంటు తినే కార్డే, చిన్న డబ్బాకి మంచి ఎంపికే. కానీ "ఏదైనా పట్టుకొచ్చేయ్" అనకు. ఒకే చిప్‌కి ఆ మూడు కంపెనీలు మూడు సైజుల్లో కూలర్ కట్టాయి. వెంటస్ 2ఎక్స్ 199 మిల్లీమీటర్ల పొడవు, 41 మందం. ఏసస్ డ్యూయల్ 227 పొడవు, దాదాపు 50 మందం. మూడు ఫ్యాన్ల ఈగల్ 272 పొడవు, 40 మందం.

కిట్టూ, ముందు టేపు పట్టుకో, తర్వాత షాపుకి వెళ్లు. పీసీ ఆపి, వైరు పీకి, డబ్బాని పక్కకి పడుకోబెట్టి 1650 తీసేయ్. స్టీలు స్కేలుతో వెనక స్లాట్ల రేకు లోపలి ముఖం నుంచి ముందుకి కొలువు. కొలిచేది కార్డు స్లాటు ఉన్న ఎత్తులోనే కొలవాలి. పైన ఖాళీగా ఉందనో కింద ఖాళీగా ఉందనో అక్కడ కొలిస్తే ఉపయోగం లేదు. మొదట అడ్డొచ్చేది ఏదో చూడు. చాలామంది హార్డ్ డిస్క్ పెట్టే కేజ్ రేకు దాకా కొలిచి ఆపేస్తారు. కానీ డిస్క్ వెనక గుచ్చిన సాటా వైరు, పవర్ వైరు కార్డు వైపుకే పొడుచుకొస్తాయి. ఆ ప్లగ్గుల దాకానే నీకున్న చోటు.

ఇంకో రెండు చూడు. కార్డు బ్రాకెట్ స్క్రూ బిగించే అంచు నుంచి సైడ్ డోరు దాకా ఎంత ఖాళీ ఉంది? ఇంకా, బోర్డు కింది అంచున ముందు యూఎస్‌బీ వైరు గుచ్చే పిన్నులు కార్డు స్లాటుకి ఎంత దూరంలో ఉన్నాయి?

నిఖిల్_ఉక్కునగరం
సైడ్ డోరు తీసేయమన్నవాళ్ల ఇంట్లో బల్లులు ఉండవేమో. మా స్నేహితుడి మదర్‌బోర్డు మీద ఒకటి పోయింది, దాంతోపాటు బోర్డూ పోయింది.

వాట్_వాసు
@నిఖిల్ నాలుగేళ్లుగా నా డోరు తీసే ఉంది. ఏ బల్లీ రాలేదు. వచ్చినా ఫ్యాన్ శబ్దానికి పారిపోతుంది.

బెజవాడ_కిట్టు
శీను అన్నా, కొలిచాను. వెనక రేకు నుంచి కేజ్ రేకు దాకా 252 మిల్లీమీటర్లు. కానీ నువ్వన్నట్టే డిస్క్ వైర్లు పొడుచుకొచ్చాయి, వాటి దాకా 226. స్క్రూ అంచు నుంచి డోరు దాకా 42. యూఎస్‌బీ పిన్నులు కార్డు స్లాటు నుంచి కిందికి సుమారు 50 దూరంలో, కేబుల్ గుచ్చాక ఆ ప్లగ్గు పైకి లేచి ఉంది. కేజ్ రివెట్లు కొట్టి బిగించారు, స్క్రూలు లేవు.

అంటే ఏసస్ ఒక్క మిల్లీమీటరుతో పోయినట్టేనా?

వాట్_వాసు
ఒక్క మిల్లీమీటరేగా, వైరు కొంచెం వంచితే సరిపోతుంది.

సీటీసీ_శీను
ఒక్క మిల్లీమీటరు కాదు వాసూ. పెట్టెపై రాసిన పొడవులో కొన్ని కంపెనీలు బ్రాకెట్‌ని కలుపుతాయి, కొన్ని కలపవు. అదొకటి. కార్డు నేరుగా దిగదు. ముందు కొంచెం ఏటవాలుగా పట్టుకుని, బ్రాకెట్ కింది నాలుకని బోర్డుకీ రేకుకీ మధ్య సందులో దించి, అప్పుడు స్లాటులోకి నొక్కాలి. ఆ తిప్పుడుకి కూడా చోటు కావాలి. కొలతకీ కార్డుకీ మధ్య కనీసం 10 మిల్లీమీటర్లు ఉంటే తప్ప నేను ఎవరికీ "పడుతుంది" అని చెప్పను.

కిట్టు కేసులో డిస్క్‌ని కేజ్‌లో పై అరకి మార్చి, కార్డు ఎత్తులో వైర్లు లేకుండా చేస్తే 252 దొరుకుతుంది. అప్పుడు ఏసస్ పొడవుకి పడుతుంది. కానీ దాని మందం 50. మూడో స్లాటు చోటు కూడా తింటుంది. అక్కడే నీ యూఎస్‌బీ ప్లగ్గు లేచి ఉందంటున్నావు. కార్డు అడుగు దాన్ని నొక్కుతుంది. ముందు యూఎస్‌బీ వదిలేసుకుంటావా?

మూడు ఫ్యాన్లది 272. కేజ్ తీస్తేనే. రివెట్లు డ్రిల్లు చేసి తీయొచ్చు, నేను తీస్తాను కూడా. కానీ బోర్డు, ఎస్‌ఎంపీఎస్ అన్నీ బయటికి తీశాకే డ్రిల్లు పెట్టాలి. ఇనప రజను ఒక్కటి బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది.

199ది తీసుకో. 226కి 27 మిల్లీమీటర్లు మిగులుతుంది, చెయ్యి ఆడుతుంది.

లక్ష్మి_బ్లెండర్
42 మిల్లీమీటర్ల గురించి ఎవరూ చెప్పలేదు. కార్డు ఆ స్క్రూ అంచుకన్నా పైకి ఒక 10 మిల్లీమీటర్లు లేస్తుంది అనుకోండి, పవర్ ప్లగ్గు పై అంచునే గుచ్చాలి. ప్లగ్గు నుంచి వైర్లు బయటికొచ్చి వంగడానికి 30 దాకా కావాలి. నా పాత డబ్బాలో ఇక్కడే దెబ్బ. కార్డు కూర్చుంది, స్క్రూ పడింది, డోరు మాత్రం మూసుకోలేదు. నొక్కి మూస్తే ఆ ఒత్తిడంతా ప్లగ్గు మీద పడుతోంది. కిట్టు గారికి సరిగ్గా అంచున పడుతుందని నా లెక్క.

సీటీసీ_శీను
అక్క చెప్పింది కరెక్ట్, నేను అడిగి వదిలేశాను. కొన్ని కార్డుల్లో ప్లగ్గు ఉన్న చోట కూలర్‌కి గంటు పెట్టి, ప్లగ్గుని కొంచెం లోతుకి దించుతారు. షాపులో బొమ్మ చూసి అది గమనించు కిట్టూ. వైరుని ప్లగ్గు మొదట్లోనే మడవకు. కాస్త దూరం పోనిచ్చి వంచు.

ఇంతకీ నీ ఎస్‌ఎంపీఎస్‌లో 8 పిన్నుల గ్రాఫిక్ కార్డు వైరు ఉందా? డబ్బాతో వచ్చిందంటున్నావు.

బెజవాడ_కిట్టు
లేదన్నా. "450 వాట్లు" అని స్టిక్కరు ఉంది కానీ ఆ వైరు లేదు. రెండు మోలెక్స్ నుంచి 8 పిన్నులకి మార్చే వైరు ఇస్తానన్నాడు షాపతను.

సీటీసీ_శీను
వద్దు. ఈ చర్చలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. స్టిక్కరు మీద 450 ఉన్నంత మాత్రాన 12 వోల్టుల లైను మీద అంత ఇవ్వలేదు. అసలు తయారుచేసినవాడే గ్రాఫిక్ కార్డు వైరు ఇవ్వలేదంటే ఏం చెప్పినట్టు? ఎన్వీడియా 4060కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని రాసింది. నిజానికి నీ 10400ఎఫ్, ఈ కార్డు కలిసి గేమ్‌లో 250 వాట్ల లోపే తాగుతాయి, మంచి కంపెనీ 450 అయినా సరిపోతుంది. 550 తీసుకుంటే ఇంకా మంచిది. కానీ మోలెక్స్ కన్వర్టరుతో ఆ స్టిక్కరు 450 మాత్రం వద్దు. కాలిన మోలెక్స్ ప్లగ్గులు నా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి.

కొత్తది కొనేటప్పుడు దాని లోతు కూడా చూడు. పైన పెట్టే డబ్బాల్లో డీవీడీ బే దాకా ఎంతుందో కొలిచి, వైర్ల కట్టకి చోటు వదిలి కొను.

డల్లాస్_మధు
ఇదంతా చదువుతుంటే ఒకటే అనిపిస్తోంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ ఎలాగూ కొంటున్నాడు, ముందు జాలీ ఉన్న కొత్త కేబినెట్ కూడా కొనేస్తే ఈ కొలతలన్నీ అక్కర్లేదు కదా? నేను ఇక్కడ అదే చేశాను. పాత డబ్బా మీద గంటలు ఖర్చుపెట్టడం నాకు అర్థం కాదు.

బెజవాడ_కిట్టు
మధు గారూ, ఎస్‌ఎంపీఎస్‌తోనే బడ్జెట్ దాటిపోయింది. కేబినెట్ దసరాకి చూద్దాం అనుకుంటున్నా. అప్పటిదాకా ఈ డబ్బాలోనే నడవాలి.

లక్ష్మి_బ్లెండర్
కొలత కాగితం మీద కుదరడం వేరు, వేడి వేరు. నా కేసు చెప్తాను. 3060, 170 వాట్లు, ఇలాంటి మూసేసిన డబ్బాలోనే పెట్టాను. గేమ్ ఆడినప్పుడు పర్లేదు అనిపించేది. రాత్రంతా రెండర్ పెడితే అసలు సంగతి బయటపడింది. గేమ్‌లో లోడు పైకీ కిందికీ ఊగుతుంది. రెండర్‌లో గంటల తరబడి ఒకే లోడు, డబ్బా లోపలి గాలి నెమ్మదిగా వేడెక్కుతూ పోయి ఎక్కడో ఆగుతుంది. పది నిమిషాలు చూసి "బాగుంది" అనుకోకండి, కనీసం అరగంట నడపండి.

ఇంకొక గుర్తు. కార్డు మీదే లోడు పెట్టి సీపీయూని ఊరికే ఉంచితే, సీపీయూ వేడి కూడా దానంతట అదే పెరుగుతోందా చూడండి. పెరిగితే కార్డు ఊదిన వేడి గాలి బయటికి పోవడం లేదు, లోపలే తిరుగుతోంది అని అర్థం. ఈ రెండు మూడు ఫ్యాన్ల కార్డులన్నీ వేడిని డబ్బాలోకే వదులుతాయి. వెనక నుంచి బయటికి ఊదే బ్లోయర్ కార్డులు ఇప్పుడు ఈ ధరలో దొరకవు.

వాట్_వాసు
పైన ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ ఉందిగా అక్కా. అది లోపలి గాలి లాక్కుని వెనక్కి తోసేస్తుంది. వెనక ఫ్యాన్ ఒకటి. రెండు ఎగ్జాస్ట్‌లు ఉన్నట్టే. సరిపోతుంది.

సీటీసీ_శీను
లాగుతుంది, నిజమే. కానీ లాగడానికి లోపలికి గాలి రావాలి కదా? కిట్టు డబ్బా ముందు మూత మూసేసి ఉంది. మూతి మూసి స్ట్రా పీల్చినట్టు ఉంటుంది. ఎన్ని ఎగ్జాస్ట్‌లు పెట్టినా లోపలికి దారి లేకపోతే సందుల్లోంచి దుమ్ముతో సహా ఎక్కడెక్కడి నుంచో పీలుస్తుంది. పైగా కార్డు వదిలిన వేడి గాలి ఎస్‌ఎంపీఎస్ గుండా పోతే దానికీ మంచిది కాదు.

ఊహలు వద్దు, కార్డు వచ్చాక కొలుద్దాం. కిట్టూ, కార్డు పెట్టాక విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది నడుపు. ఐదు సెకన్లకోసారి వేడి, ఫ్యాన్ శాతం, వాట్లు, క్లాక్ చూపిస్తుంది.

```
nvidia-smi --query-gpu=temperature.gpu,fan.speed,power.draw,clocks.sm --format=csv -l 5
```

ఒకే గేమ్‌లో ఒకే చోట అరగంట ఉంచు. డోరు మూసి ఒకసారి, డోరు తీసి ఒకసారి. తర్వాత డోరు మూసి, ముందు ప్లాస్టిక్ మూత మాత్రం పీకి ఇంకోసారి. గది వేడి కూడా రాసుకో. గది 25 ఉన్నప్పుడు ఒకటి, 35 ఉన్నప్పుడు ఒకటి చేస్తే పోల్చడానికి పనికిరావు.

నిఖిల్_ఉక్కునగరం
ఈలోపు చిన్న డౌటు. హెచ్410 అంటే పీసీఐఈ 3.0 కదా, 4060 ఎనిమిది లేన్లే వాడుతుంది. స్లో అవ్వదా?

సీటీసీ_శీను
కొంచెం తగ్గుతుంది, మామూలుగా కనిపించేంత కాదు. గేమ్ 8 జీబీ మెమొరీ దాటి అడిగినప్పుడే గట్టిగా తెలుస్తుంది. టెక్స్చర్ సెట్టింగు ఒక మెట్టు దించితే పోతుంది.

బెజవాడ_కిట్టు
కార్డు వచ్చేసింది! వెంటస్ 2ఎక్స్ తెచ్చాను, 550 ఎస్‌ఎంపీఎస్ కూడా. పొడవుకి హాయిగా దిగింది. లక్ష్మి గారు చెప్పిన చోటే భయపడ్డాను, వైరు డోరుకి ఆనుతోంది కానీ నొక్కకుండానే మూసుకుంది. సాటా వైరు ఒకటి కార్డు అడుగున ఇరుక్కుంది, బోర్డు ముందు అంచున ఉన్న పోర్టు నిలువుగా ఉంది. దాన్ని తీసి పక్క పోర్టులో పెట్టా.

గది 34 డిగ్రీలు. శీను అన్న చెప్పినట్టే చేశా.

డోరు మూసి: 82 డిగ్రీలు, ఫ్యాన్ 95 శాతం. గదిలో టీవీ వినిపించనంత మోత. క్లాక్ మొదట 2,700 దగ్గరుంది, అరగంటకి 2,600 కిందికి వచ్చేసింది.
డోరు తీసి: 72, ఫ్యాన్ 70 శాతం.
డోరు మూసి ముందు మూత తీసి: 77.

గేమ్ ఎక్కడా ఆగలేదు, కట్ అవ్వలేదు. ఇది బాగున్నట్టా, లేనట్టా?

వాట్_వాసు
చూశారా, డోరు తీస్తే 72. నేను మొదటి రోజే చెప్పా.

సీటీసీ_శీను
పాడవలేదు, పాడవదు కూడా. ఎన్వీడియా కార్డులు 83 దగ్గర్లో తమను తాము ఆపుకుంటాయి. ఫ్యాన్ పెంచుతాయి, అదీ చాలకపోతే క్లాక్ తగ్గిస్తాయి. నీ క్లాక్ 2,600కి జారడం అదే. కానీ 95 శాతం ఫ్యాన్ అంటే కార్డు దగ్గర ఇంకేం మిగల్లేదని అర్థం. గది 38కి వెళ్తే ఇంకా జారుతుంది.

ఇప్పుడు అంకెలు చదువు. డోరు తీయగానే 10 డిగ్రీలు తగ్గింది. అంటే కార్డు కూలర్‌లో లోపం లేదు, డబ్బాయే ఊపిరాడనివ్వడం లేదు. తేడా రెండు మూడు డిగ్రీలే అయి ఉంటే డబ్బాని తిట్టి లాభం లేదు, అప్పుడు కార్డునో దుమ్మునో అనుమానించాలి. ఆ 10లో 5 ముందు మూత ఒక్కదానిదే. మిగతా 5 గాలిని తోసేవాడు లేక. కాబట్టి ముందు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ లోపలికి ఊదేలా పెట్టు, మూతకి దారి చెయ్యి. రెండూ కావాలి. మూత మూసే ఉంచి ఫ్యాన్ మాత్రం పెడితే అది గోడకి ముక్కు ఆనించి పీల్చినట్టే, పెద్దగా రాదు.

లక్ష్మి_బ్లెండర్
ముందు ఫ్యాన్ పెడితే అది 25 మిల్లీమీటర్లు తింటుంది, గుర్తుందా? కిట్టు గారికి కేజ్ ముందు ఉంది కాబట్టి రేకుకీ మూతకీ మధ్య చోటు చూడాలి. లోపలే బిగించాల్సి వస్తే కార్డు చోటు తగ్గుతుంది. 199 కార్డు కొన్నందుకు ఇక్కడ లాభం వస్తోంది, 252 పూర్తిగా వాడేసి ఉంటే ఇరుక్కునేవారు.

డల్లాస్_మధు
సైడ్ డోరుకి జాలీ ఉంటుందిగా, అక్కడ ఫ్యాన్ పెడితే నేరుగా కార్డు మీదకే చల్లగాలి.

సీటీసీ_శీను
డోరు లోపలి వైపు 25 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెడితే కార్డు పవర్ వైరుకి తగులుతుంది మధు గారూ, అక్కడున్నదే 42. సన్నటి 15 మిల్లీమీటర్ల ఫ్యాన్లు వస్తాయి, అవైనా వైరుకి ఆనుతాయి. బయటి వైపు పెడితే పని చేస్తుంది, గ్రిల్ తప్పకుండా పెట్టాలి. కిట్టూ, నీ డోరుకి జాలీ ఉంటే అది కార్డు ఎదురుగా ఉందా, సీపీయూ ఎదురుగా ఉందా?

బెజవాడ_కిట్టు
సీపీయూ ఎదురుగా మాత్రమే. కార్డు దగ్గర రేకే.

సీటీసీ_శీను
అయితే వదిలేయ్. ముందు నుంచే చూడు.

వాట్_వాసు
ఖర్చు లేకుండా ఇంకోటి చెప్తా. కార్డు కింద ఖాళీ స్లాట్ల రేకు మూతలు విరిచేయ్, వేడి అక్కణ్నుంచి వెళ్లిపోతుంది.

లక్ష్మి_బ్లెండర్
నాకు రెండు మూడు డిగ్రీలు తగ్గింది, అవునండి.

సీటీసీ_శీను
నా దగ్గర కొన్ని డబ్బాల్లో తగ్గింది, కొన్నింటిలో వెనక ఫ్యాన్ అక్కడి నుంచే దగ్గరి దారిలో గాలి లాగేసి, ముందు నుంచి రావాల్సింది తగ్గింది. ఒకసారి విరిస్తే మళ్లీ పెట్టలేవు, ఈ చవక డబ్బాల్లో అవి స్క్రూలు కాదు. చివరిదాకా ఆగి చెయ్యమంటాను.

నిఖిల్_ఉక్కునగరం
ఇంకా పైసా ఖర్చు లేనిది ఉంది, పవర్ లిమిట్. 115ని 100కి దించు. నేను మా సముద్రపు తేమలో ఏడాదిగా అలాగే వాడుతున్నాను. ఫ్రేములు అరకొర తగ్గుతాయి, కంటికి తెలియదు.

సీటీసీ_శీను
ఇది మంచి సలహా. కార్డు ఎంతదాకా దిగనిస్తుందో ముందు చూసుకో, ప్రతి మోడల్‌కీ కనిష్ఠం వేరు. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లోనే రెండోది నడుస్తుంది.

```
nvidia-smi -q -d POWER
nvidia-smi -pl 100
```

పీసీ రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలుకి వస్తుంది. పక్కాగా ఉండాలంటే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ స్లైడర్ దించి సేవ్ చెయ్యి, విండోస్‌తో పాటు మొదలయ్యే టిక్కు పెట్టు.

బెజవాడ_కిట్టు
ముందు ఫ్యాన్ తెచ్చాను. కేజ్‌కీ ప్లాస్టిక్ మూతకీ మధ్య పట్టింది, లోపలి చోటు పోలేదు. మూత కింది భాగంలో ఒక చతురస్రం కోసి, దోమతెర అతికించాను. మా నాన్నకి కోసింది నచ్చలేదు, కానీ పీసీ బల్ల కింద ఉంటుంది కాబట్టి ఊరుకున్నారు.

గది మళ్లీ 34. డోరు మూసే. 75 డిగ్రీలు, ఫ్యాన్ 78 శాతం. క్లాక్ పెద్దగా జారలేదు. తర్వాత పవర్ లిమిట్ 100 పెట్టా: 71, ఫ్యాన్ 68. ఆటలో తేడా నాకైతే తెలియలేదు. సీపీయూ కూడా మునుపటికన్నా ఎనిమిది డిగ్రీలు తక్కువ చూపిస్తోంది.

లక్ష్మి_బ్లెండర్
సీపీయూ తగ్గడమే నాకు అసలు సంతోషం. వేడి గాలి లోపల తిరగడం ఆగింది. దోమతెర సన్నగా ఉంటే దుమ్ముతో తొందరగా మూసుకుపోతుంది. వేడి మళ్లీ ఎగబాకుతుంటే ముందు దాన్నే చూడండి. కార్డుని తిట్టకండి.

వాట్_వాసు
డోరు తీస్తే 72, ఇంత కష్టపడి మూసి 71. నేనైతే ఇప్పటికీ డోరు తీసే ఉంచుతా.

సీటీసీ_శీను
నువ్వు పోల్చేది 115 వాట్ల 72కి, 100 వాట్ల 71ని వాసూ. సమానంగా చూస్తే డోరు తీసినదే మూడు డిగ్రీలు మెరుగు, ఒప్పుకుంటా. ఆ మూడు డిగ్రీలకి దుమ్ము, పిల్లల వేళ్లు, నిఖిల్ బల్లి. నీ ఇష్టం.

డల్లాస్_మధు
నేనింకా కొత్త కేబినెట్టే అంటాను. దసరాకి కొన్నప్పుడు ఇవే అంకెలు మళ్లీ పెట్టు కిట్టూ, తేడా చూద్దాం.

పాతపీసీ_ప్రసాద్
శీను గారూ, నా సన్న డెస్క్‌టాప్‌కి కూడా ఇలాగే కొలవాలా? లో ప్రొఫైల్ 4060 కూడా ఒకటి ఉందని విన్నాను, 182 పొడవట. 3050 బదులు అది పెట్టొచ్చా?

సీటీసీ_శీను
పొడవు కన్నా ముందు మీ ఎస్‌ఎంపీఎస్ మీద స్టిక్కరు ఫోటో పెట్టండి. ఆ ఆఫీసు పీసీల్లో గ్రాఫిక్ కార్డు వైరే ఉండదు, ఎస్‌ఎంపీఎస్ సైజు కూడా వాళ్ల సొంతది, మార్కెట్‌లో మామూలుది పట్టదు. లో ప్రొఫైల్ 4060కి అయినా 8 పిన్నుల వైరు కావాలి. అది లేకపోతే మీరు మొదట చెప్పిన 70 వాట్ల 3050యే మీకు. స్లాటు పక్కన ఇంకో స్లాటు ఖాళీగా ఉందో లేదో కూడా చూసి రాయండి, చాలావాటికి రెండు స్లాట్ల మందం కావాలి.

పాతపీసీ_ప్రసాద్
సాయంత్రం తెరిచి ఫోటోలు పెడతా.